జపాన్ గదికి ఎన్ని గజాలు? పిల్లాడి బూటుకు ఏ నంబరు?



మార్చి మొదటి వారంలో జరిగిన పేరెంట్-టీచర్ మీటింగ్‌లో, మార్కుల సంగతి అయిపోయాక ఒక అమ్మగారు కుర్చీలోంచి లేవలేదు. "మీరు లెక్కల టీచర్ కదా మేడమ్, ఇది కాస్త చూసి పెట్టండి" అంటూ ఫోన్ నా ముందు పెట్టారు. వాళ్లాయనకు టోక్యో బదిలీ అయింది. జపాన్‌లో స్కూళ్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి కాబట్టి, నెలాఖరుకల్లా పిల్లలిద్దరితో ఆవిడ కూడా వెళ్లాలి. అమ్మాయి నా క్లాసే, ఏడో తరగతి. అబ్బాయి నాలుగో తరగతి.

ఆవిడ ఫోన్‌లో మూడు స్క్రీన్‌షాట్లు ఉన్నాయి: వాతావరణం, అద్దె ఇల్లు, బూట్లు. మూడింటినీ మన కొలతల్లోకి ఆవిడే మార్చి, పక్కన నోట్‌లో రాసుకున్నారు. గుణకారంలో ఎక్కడా పొరపాటు లేదు. అయినా మూడు జవాబులూ తప్పే. అంత జాగ్రత్తగా లెక్క వేసినా ఎందుకు తప్పాయో ఆలోచిస్తే, ఈ మూడూ మూడు రకాల కొలతలని అర్థమైంది. ఒకదానికి కచ్చితమైన సూత్రం ఉంది. ఇంకొకదానికి ఒప్పందం మాత్రమే ఉంది. మూడోదానికి సూత్రం ఉన్నా దాన్ని నమ్ముకుంటే బూటు పట్టదు. ఆవిడ అనుమతితో ఆ మూడు స్క్రీన్లనీ ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి స్క్రీన్: "రేపు 18 డిగ్రీలు తగ్గుతుంది"

వాతావరణం యాప్‌లో టోక్యోలో ఆ రోజు 68°F అని ఉంది. కింద ఇంగ్లిష్‌లో, రేపు 18 డిగ్రీలు చల్లగా ఉంటుందని రాసి ఉంది. జపాన్‌లో వాడేది సెల్సియస్సే. కానీ ఆవిడ ఫోన్‌లో ప్రాంతం అమెరికా అని సెట్ అయి ఉండడంతో ఫారెన్‌హీట్ చూపిస్తోంది. ఆవిడ 18 అంకెను కన్వర్టర్‌లో వేశారు. మైనస్ 7.8 డిగ్రీల సెల్సియస్ అని వచ్చింది. వెంటనే నలుగురికీ మంచులో వేసుకునే దళసరి జాకెట్లు కార్ట్‌లో పెట్టేశారు.

కన్వర్టర్ అబద్ధం చెప్పలేదు. 18°F అనే ఉష్ణోగ్రత నిజంగానే మైనస్ 7.8°C. కానీ యాప్ చెప్పింది ఉష్ణోగ్రత కాదు, రెండు ఉష్ణోగ్రతల మధ్య తేడా.

దీన్ని మా క్లాసులో మైలురాళ్లతో చెబుతాను. ఒకే రోడ్డు మీద రెండు వరసల రాళ్లు పాతారనుకోండి. ఒక వరస ఒక ఊరి నుంచి సున్నాతో మొదలవుతుంది. రెండో వరసలో అదే ఊరి దగ్గర 32 అని ఉంటుంది. ఒక రాయి మీది అంకెను రెండో వరసలోకి మార్చాలంటే ఆ 32ను లెక్కలోకి తీసుకోవాలి. రెండు ఊళ్ల మధ్య దూరం చెప్పాలంటే మాత్రం లెక్క ఎక్కడ మొదలైందన్నదానితో పనిలేదు.

ఫారెన్‌హీట్ కథ ఇదే. నీరు గడ్డకట్టే చోట సెల్సియస్ 0 అంటే ఫారెన్‌హీట్ 32 అంటుంది. మరిగే చోట సెల్సియస్ 100, ఫారెన్‌హీట్ 212. ఈ రెండు చోట్ల మధ్య సెల్సియస్‌లో 100 మెట్లు, ఫారెన్‌హీట్‌లో 180 మెట్లు. అంటే ఒక సెల్సియస్ మెట్టు 1.8 ఫారెన్‌హీట్ మెట్లకు సమానం. కాబట్టి:

```
ఉష్ణోగ్రత: C = (F − 32) ÷ 1.8
తేడా:      C తేడా = F తేడా ÷ 1.8
```

ఇప్పుడు ఆవిడ స్క్రీన్ చూద్దాం. ఆ రోజు 68°F. అందులోంచి 32 తీసేస్తే 36, దాన్ని 1.8తో భాగిస్తే 20°C. మన దగ్గర చలికాలం ఉదయంలా హాయిగా ఉంటుంది. మర్నాడు 18 తగ్గితే 50°F. అంటే 10°C. 20 నుంచి 10కి దిగింది కాబట్టి తేడా 10 డిగ్రీల సెల్సియస్. 18ని 1.8తో భాగించినా అదే 10 వస్తుంది. రెండు దారుల్లో ఒకే జవాబు వస్తే లెక్క సరిపోయినట్టే. 10 డిగ్రీలకు స్వెట్టర్, పైన ఒక మామూలు జాకెట్ చాలు. ఆవిడ అక్కడే కార్ట్ ఖాళీ చేశారు.

ఐఫోన్‌లో అయితే `Settings`, `General`, `Language & Region` తెరిచి `Temperature` దగ్గర °C ఎంచుకోవచ్చు. మార్చిన తర్వాత ఒకసారి మీ ఊరి ఉష్ణోగ్రత చూడండి. మధ్యాహ్నం ఎండలో 35, 38 లాంటి అంకె కనిపిస్తే మారినట్టు. 95, 100 అంటుంటే ఇంకా మారలేదు.

ఇదే లెక్క జ్వరం దగ్గర తిరగబడుతుంది. మన ఇళ్లలో ఎండను సెల్సియస్‌లో, జ్వరాన్ని ఫారెన్‌హీట్‌లో చెప్పుకుంటాం. "బాబుకి 101 ఉంది" అంటే ఏ నానమ్మకైనా అర్థమవుతుంది. జపాన్‌లో కొన్న థర్మామీటర్ మాత్రం 38.5 అంటుంది. వీడియో కాల్‌లో అది విన్న పెద్దవాళ్లు "అరె, ముప్పై ఎనిమిదేనా, చల్లబడిందేమో" అనుకునే ప్రమాదం ఉంది.

నోటి లెక్కగా ఇలా చేయండి. సెల్సియస్ అంకెను రెట్టింపు చేయండి. వచ్చినదాంట్లో పదో వంతు తీసేయండి. 32 కలపండి. 38.5 రెట్టింపు 77. పదో వంతు 7.7 తీసేస్తే 69.3. దానికి 32 కలిపితే 101.3. ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన జవాబే. ఎందుకంటే రెండింతల్లోంచి దాని పదో వంతు తీస్తే మిగిలేది సరిగ్గా 1.8 రెట్లు.

ఇక్కడ కూడా తేడా సంగతి మరవకండి. సెల్సియస్ థర్మామీటర్‌లో 38 నుంచి 39కి వెళ్తే "ఒక్క పాయింటే కదా" అనిపిస్తుంది. మన లెక్కలో అది 100.4 నుంచి 102.2కి, అంటే దాదాపు రెండు పాయింట్లు పెరిగినట్టు. మన ఊరి డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పేటప్పుడు అంకెతో పాటు "సెల్సియస్" అన్న మాట కూడా చెప్పండి.

రెండో స్క్రీన్: "ఆరు తతామీల గది"

రెండోది అద్దె ఇంటి యాప్. వాళ్లాయన పంపిన ఇల్లు పిల్లల స్కూలుకు నడిచి వెళ్లేంత దగ్గర. సోమవారంలోగా అవునో కాదో చెప్పాలి. స్క్రీన్ మీద వంటగదితో కలిసిన హాలు 10帖, పడకగది 6帖, ఇంటి మొత్తం విస్తీర్ణం 40.5 m² అని ఉంది. ఆ 帖 అనే అక్షరం, కొన్నిచోట్ల 畳 అని కనిపించేది, తతామి లెక్క. జపనీస్‌లో పలకడం "జో". తతామి అంటే జపాన్ ఇళ్లలో నేల మీద పరిచే గడ్డి చాప. గదిలో ఎన్ని చాపలు పడతాయో చెబితే గది ఎంతో తెలుస్తుందన్నది పాత పద్ధతి. ఇప్పుడు చాప లేని చెక్క నేల గదికి కూడా అదే లెక్క చెబుతున్నారు.

ఆవిడకు తెలిసినవాళ్లెవరో తతామి అంటే మూడడుగులు బై ఆరడుగులు అని చెప్పారు. పదహారు తతామీలను 18తో గుణించి 288 చదరపు అడుగులు అని రాసుకున్నారు. "ఇల్లంతా కలిపి మా హాలంత కూడా లేదు మేడమ్, వద్దని చెప్పేశాను" అన్నారు.

ఇందులో రెండు పొరపాట్లు ఉన్నాయి. మొదటిది చాప కొలత. మన దగ్గర అంకణం ఊరిని బట్టి మారినట్టే, తతామి కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. క్యోటో వైపు చాప సుమారు 191 సెంటీమీటర్ల పొడవు, 95.5 వెడల్పు. టోక్యో వైపు చాప సుమారు 176 బై 88. అపార్ట్‌మెంట్ బ్లాకుల్లో వాడే చిన్న చాప సుమారు 170 బై 85. మాటల్లో "మాది ఆరు చాపల గది" అని ఎవరైనా అన్నప్పుడు, క్యోటో చాపలైతే దాదాపు 118 చదరపు అడుగులు, అపార్ట్‌మెంట్ చాపలైతే దాదాపు 93. ఈ తేడాలో ఒక సింగిల్ మంచం పడుతుంది.

అందుకే ఇళ్ల ప్రకటనలకు జపాన్‌లో ఒక నియమం పెట్టుకున్నారు. ప్రకటనలో ఒక జో అని రాస్తే కనీసం 1.62 చదరపు మీటర్లు ఉండాలి. కాబట్టి యాప్‌లో కనిపించే తతామీకి వాడాల్సిన అంకె 1.62. అడుగుల్లో అది 17.4 చదరపు అడుగులు. గజాల్లో అయితే ఇంకా తేలిక: ఒక తతామి రెండు గజాలకు కాస్త తక్కువ, 1.94. ఆరు తతామీల గది అనగానే "పన్నెండు గజాల లోపు" అనుకోవచ్చు.

రెండో పొరపాటు పెద్దది. తతామి లెక్క గదులకే వేస్తారు. పది, ఆరు కలిపి పదహారు తతామీలంటే 25.92 చదరపు మీటర్లు, దాదాపు 279 చదరపు అడుగులు. ఇది హాలు, పడకగది మాత్రమే. స్నానాలగది, టాయిలెట్, గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చోటు, నడవా, అల్మారాలు ఇందులో లేవు. ఇంటి మొత్తం తెలియాలంటే 40.5 m² చూడాలి. దాన్ని 10.764తో గుణిస్తే 436 చదరపు అడుగులు. మన భాషలో సరిగ్గా ఒక సెంటు. అపార్ట్‌మెంట్ బాల్కనీ సాధారణంగా ఈ లెక్కలోకి రాదు, అది అదనం.

ఇల్లు ఆవిడ అనుకున్న దానికంటే ఒకటిన్నర రెట్లు పెద్దది. అలాగని వెంటనే అవునని చెప్పమనలేదు. ఇంకో మెలిక ఉంది. మనం ఫ్లాట్ కొనేటప్పుడు కార్పెట్ ఏరియా, బిల్టప్ ఏరియా వేరు వేరని చూసుకుంటాం కదా. ప్రకటనలోని జో లెక్క గోడ లోపలి అంచు నుంచి కాకుండా గోడ మధ్య నుంచి వేస్తారు. ఆరు జోల గది 2.7 మీటర్లు బై 3.6 మీటర్లు అనుకుందాం. గుణిస్తే సరిగ్గా 9.72 చదరపు మీటర్లు. గోడలు 15 సెంటీమీటర్ల మందం ఉంటే, ప్రతి వైపూ సగం మందం పోతుంది. లోపల మిగిలేది 2.55 బై 3.45 మీటర్లు. కాగితం మీద 105 చదరపు అడుగులు, నిజంగా నిలబడే చోటు 95. వెడల్పు ఎనిమిదడుగుల నాలుగంగుళాలు, పొడవు పదకొండడుగుల నాలుగంగుళాలు.

కాబట్టి మంచం, చదువుకునే బల్ల పడతాయా లేదా అన్నదాన్ని చదరపు అడుగులతో తేల్చకూడదు. లోపలి పొడవు, వెడల్పు మీటర్లలో ఎంతో ఏజెంట్‌ను అడగాలి. ఆవిడ ఆ సాయంత్రమే వాళ్లాయనతో అడిగించారు.

మూడో స్క్రీన్: బూట్ల "2"

జపాన్ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలు బయటి బూట్లు విడిచి, లోపల వేరే మెత్తటి బూట్లు వేసుకుంటారు. వాటిని ఉవాబాకి అంటారు. అబ్బాయి కోసం ఒక జత ఉవాబాకి, ఒక జత స్పోర్ట్స్ బూట్లు ముందే ఆర్డర్ పెడదామని ఆవిడ ఆలోచన. ఇక్కడి స్కూల్ బూటు మీద 2 అని ఉంది. స్పోర్ట్స్ బూట్లు అమ్మే అమెరికా యాప్‌లో కూడా 2 ఎంచుకున్నారు. ఆ 2 పక్కన చిన్నగా `C` అని ఉంది. అది నడక కూడా రాని పసిపాప సైజు.

మన దగ్గర బూట్ల మీద ఎక్కువగా ఉండేది బ్రిటిష్ నంబరు. అది అంగుళంలో మూడో వంతు చొప్పున, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది. పిల్లల నంబర్లు నాలుగు అంగుళాల దగ్గర సున్నాతో మొదలై 13 దాకా వెళ్తాయి. అక్కడ ఆగి, మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. ఒకే నిచ్చెన, మధ్యలో అంకెలు తిరిగి మొదలయ్యాయి, అంతే. కాబట్టి 2 అనే మెట్టు రెండు చోట్ల ఉంటుంది. చిన్న 2 అంటే, బూటును కుట్టే అచ్చు పొడవు సుమారు 11.9 సెంటీమీటర్లు. పెద్ద 2 అంటే 22.9. అమెరికా నంబర్లలోనూ ఇలాగే రెండు వరసలు ఉంటాయి. చాలా యాప్‌లు చిన్న వరసకు `C`, పెద్ద వరసకు `Y` పెడతాయి. పైగా అమెరికా నంబరు బ్రిటిష్ నంబరు కంటే సాధారణంగా అర నుంచి ఒకటి ఎక్కువ. మన బాబుకు కావలసింది `2C` కాదు, `2.5Y` లేదా `3Y`.

లేదా ఏమిటి, ఏదో ఒకటి చెప్పండి అని ఆవిడ అడిగారు. చెప్పలేం. యూరప్ నంబరు 6.67 మిల్లీమీటర్ల చొప్పున, బ్రిటిష్ నంబరు 8.47 చొప్పున, జపాన్ సైజు 5 చొప్పున పెరుగుతాయి. మెట్ల ఎత్తులు వేరైన మూడు నిచ్చెనలు పక్కపక్కన పెడితే మెట్లన్నీ ఎదురెదురుగా రావు. దగ్గరి మెట్టును ఒక కంపెనీ పైకి, ఇంకో కంపెనీ కిందికి సర్దుతుంది. అందుకే కంపెనీకో పట్టిక ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే ఉమ్మడి పట్టిక కంటే, ఆ బూటు పేజీలోనే ఉన్న పట్టిక మేలు. అందులోనూ నంబరు నుంచి నంబరుకు వెళ్లకండి. సెంటీమీటర్ల వరస నుంచి మొదలుపెట్టండి.

ఉవాబాకికి ఆవిడ సెంటీమీటర్లే వాడారు. పాత బూటు లోపల స్కేలు పెట్టి కొలిస్తే 22.7 వచ్చింది. పెరిగే పిల్లాడు కదా అని 23.0 ఎంచుకున్నారు. ఇక్కడ అంకె సరే, కొలిచిన వస్తువు వేరు. జపాన్ సైజు పాదం పొడవు చెబుతుంది, బూటు లోపలి పొడవు కాదు. 21.5 అని రాసి ఉంటే 21.5 సెంటీమీటర్ల పాదానికి అని అర్థం. వేళ్ల ముందు ఉండాల్సిన ఖాళీ తయారీలోనే కలిపి ఉంటుంది. బూటు లోపల కొలిచి, దానికి ఇంకాస్త కలిపితే ఖాళీని రెండుసార్లు కలిపినట్టు. మెట్లు దిగేటప్పుడు ఆ బూటు మడమ దగ్గర జారుతుంది.

పాదం కొలవడం ఇలా. సాయంత్రం పూట, మేజోడు వేసి, బాబును గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబెట్టండి. కూర్చున్నప్పటి కంటే నిలబడినప్పుడు పాదం కాస్త సాగుతుంది. అన్నిటికంటే ముందుకు వచ్చిన వేలి దగ్గర గీత పెట్టండి. అది బొటనవేలే కానక్కర్లేదు. రెండు పాదాలూ కొలిచి పెద్దది తీసుకోండి. ఈ బాబుకు ఎడమ 21.3, కుడి 21.5 వచ్చింది. ఉవాబాకి 22.0 తీసుకోమన్నాను. పెరుగుదలకు ఆ అర సెంటీమీటరు చాలు. వచ్చాక వేయించి, నిలబెట్టి, వేలి ముందు బూటును నొక్కి చూడాలి. నడిచేటప్పుడు మడమ పైకి లేస్తే పెద్దదైనట్టు. వేలు ముందు అంచుకు తగిలితే చిన్నదైనట్టు.

ఇంట్లో చేసి చూడండి

ఈ నెల పిల్లలతో ఒక ఆదివారం సాయంత్రం ఈ మూడు పనులు చేయండి. వాళ్ల పాదం కొలిచి, వాళ్ల బూటు మీది నంబరు పక్కన రాయించండి. ఇంట్లో ఒక గదిని లోపలి గోడ నుంచి గోడకు టేపుతో కొలిపించి, చదరపు మీటర్లు కట్టించి, 1.62తో భాగించమనండి. మీ పడకగది ఎన్ని తతామీలో తెలుస్తుంది. చివరగా, "నిన్నటి కంటే ఈ రోజు 9 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువ" అని చెప్పి, సెల్సియస్‌లో ఎంత ఎక్కువో అడగండి. మైనస్‌లో జవాబు చెబితే, మైలురాళ్ల కథ మళ్లీ చెప్పండి. సరైన జవాబు 5.

ఆ అమ్మగారి నుంచి మొన్న మెసేజ్ వచ్చింది. ఏజెంట్ పంపిన కొలతల ప్రకారం పడకగది వెడల్పు 2.5 మీటర్లు. డబుల్ మంచం వేస్తే అమ్మాయి బల్లకు చోటు చాలదని, బల్లను హాల్లో కిటికీ పక్కన వేద్దామనుకున్నారట. ఆ ఇల్లే తీసుకున్నారు.